వ్యాన్ కిస్తీలో అసలెంత, వడ్డీ ఎంత? హైర్ పర్చేజ్ లెక్క పుస్తకాల్లో ఎలా రాయాలి

మా విశాఖపట్నం పూర్ణా మార్కెట్ కిరాణా హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన మొన్న అక్టోబరులో చిన్న డెలివరీ వ్యాన్ తీసుకున్నారు. ఒకటో తారీఖున అగ్రిమెంటు మీద సంతకాలు పెట్టారు. మర్నాడు దసరా కాబట్టి బండిని ఆసీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి దగ్గర పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టించి, అక్కణ్నుంచి నేరుగా గోపాలపట్నం సరుకు పంపారు. నెల తిరిగాక కిస్తీ రసీదు పట్టుకుని డాబాగార్డెన్స్‌లో నా దగ్గరికి వచ్చారు. "ఏటండీ ఇందులో చూసేది, నెలకి 18,600 కడతన్నాను, అది ఖర్చులో రాసెయ్యండి" అన్నారు.

చాలా దుకాణాల్లో జరుగుతున్నది అదే. "వ్యాన్ కిస్తీ" అని ఒక ఖాతా తెరిచి నెలనెలా 18,600 ఖర్చు రాసేస్తారు. అప్పుడు రోడ్డు మీద తిరుగుతున్న బండి పుస్తకాల్లో ఎక్కడా ఉండదు. దాని మీద ఉన్న అప్పూ ఉండదు. నాలుగేళ్ల కిందట ఇలాగే రాసిన ఒక దుకాణం లెక్కలు నా చేతికి వచ్చాయి. సరుకు కోసం బ్యాంకు లిమిట్ పెంచమని అడిగితే, "మీ ఆస్తి అప్పుల పట్టీలో వాహనమే లేదు, మరి ఈ డీజిల్ బిల్లులు దేనివి?" అని మేనేజరు అడిగారట. రెండేళ్ల పుస్తకాలు తిరగరాయాల్సి వచ్చింది. మొదటి రోజే నాలుగు ఎంట్రీలు సరిగా రాసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. ఈ పూర్ణా మార్కెట్ వ్యాన్ లెక్కనే మొదట్నుంచి చివరిదాకా చూపిస్తాను, మీ అంకెలు పక్కన పెట్టుకుని చదవండి.

ముందుగా మూడు అంకెలు విడదీయండి

డీలర్ ఇన్‌వాయిస్, ఫైనాన్స్ కంపెనీ అగ్రిమెంటు, రెండూ పక్కపక్కన పెట్టుకోండి. వాటిలోంచి మీకు కావలసినవి నగదు ధర, డౌన్ పేమెంట్, మొత్తం కిస్తీలు.

మన వ్యాన్ ఇన్‌వాయిస్‌లో బండి ధర 6,00,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,08,000, మొత్తం 7,08,000 రూపాయలు ఉంది. సరుకు రవాణా వాహనాల మీద 2025 సెప్టెంబరు 22కి ముందు 28 శాతం ఉండేది, ఆ రోజు నుంచి 18 అయింది. అందుకే ఈయన దసరాదాకా ఆగారు. డౌన్ పేమెంట్ 1,68,000. మిగిలిన 5,40,000 ఫైనాన్స్ కంపెనీ డీలర్‌కి కట్టింది. దానికి బదులు మనం 36 నెలలు, నెలకి 18,600 చొప్పున 6,69,600 కట్టాలి. మొదటి కిస్తీ 2025 నవంబరు 1న, చివరిది 2028 అక్టోబరు 1న.

కట్టబోయే 6,69,600లోంచి తీసుకున్న 5,40,000 తీసేస్తే 1,29,600 మిగులుతుంది. ఇదే ఫైనాన్స్ ఛార్జి, అంటే మూడేళ్లలో మనం ఇచ్చే మొత్తం వడ్డీ. ఈ 1,29,600 బండి ధరలో కలవకూడదు. హైర్ పర్చేజ్ ధర 8,37,600 అని అగ్రిమెంటులో పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది, అది చూసి బండిని ఆ అంకెకి ఆస్తిగా రాసేసినవాళ్లు ఉన్నారు. బండి విలువ అది నగదుకి ఎంతకి వస్తుందో అంతే. మిగతాది డబ్బు వాడుకున్నందుకు అద్దె.

ఇక్కడొక ప్రశ్న ఎవరైనా అడుగుతారు. హైర్ పర్చేజ్‌లో చివరి కిస్తీ కట్టేదాకా బండికి చట్టప్రకారం యజమాని ఫైనాన్స్ కంపెనీయే కదా, మన ఆస్తిగా ఎలా రాస్తాం? రాయాలి. బండి నడిపేది మనం, దానితో సంపాదించేది మనం, పాడైతే బాగు చేయించేది మనం, కిస్తీలు అయ్యాక అది మనదవుతుంది. కాగితం మీద పేరు కన్నా వాస్తవంగా ఎవరి చేతిలో ఉందన్నదే లెక్కల్లో చూసేది. ఆదాయపు పన్నులో తరుగుదల కూడా చివరికి బండి సొంతమయ్యే అగ్రిమెంటు అయితే కిస్తీలు కట్టేవాళ్లకే ఇస్తారు, ఇది 1943 నాటి సర్క్యులర్ నుంచి ఉన్న పద్ధతి. ఈ రోజుల్లో చాలా అగ్రిమెంట్లు నిజానికి హైర్ పర్చేజ్ కావు, హైపోథికేషన్ మీద ఇచ్చే లోన్లు. వాటిలో బండి మొదటి రోజు నుంచే మీది, కంపెనీకి దాని మీద హక్కు మాత్రం ఉంటుంది. మీ కాగితం ఏదో చదివి చూసుకోండి. కొనేవాళ్ల పుస్తకాల్లో లెక్క మాత్రం రెండింటికీ ఒకటే.

బండిని ఆస్తిగా రాయడం

ఈయన జీఎస్టీ రెగ్యులర్ పద్ధతిలో ఉన్నారు, అమ్మేదంతా పన్ను పడే సరుకే. సరుకు మోసే వాహనానికి ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది. మనుషుల్ని ఎక్కించుకునే కార్ల మీద ఉన్న అడ్డంకి దీనికి లేదు. కిస్తీలు మూడేళ్లు నడిచినా క్రెడిట్ 1,08,000 ఒకేసారి తీసుకోవచ్చు, ఎందుకంటే డీలర్‌కి డబ్బు పూర్తిగా ముట్టింది. కాకపోతే ఇన్‌వాయిస్ దుకాణం పేరు మీద, దుకాణం జీఎస్టీ నంబరుతో ఉండాలి. బండి తీసుకునే హడావుడిలో ఆధార్ కార్డు ఇచ్చేసి సొంత పేరు మీద బిల్లు చేయించుకుంటే ఆ క్రెడిట్‌కి చిక్కులు వస్తాయి. బిల్లు కొట్టే ముందే డీలర్ దగ్గర కంప్యూటర్ తెర మీద నంబరు చూసుకోండి.

క్రెడిట్ తీసుకున్న 1,08,000ని బండి ఖరీదులో కలపకూడదు. అదే మొత్తం మీద ఇటు క్రెడిట్, అటు తరుగుదల రెండూ రావు. మీరు కాంపోజిషన్‌లో ఉన్నా, జీఎస్టీ లేకపోయినా క్రెడిట్ రాదు కాబట్టి 7,08,000 మొత్తం ఖరీదే.

రిజిస్ట్రేషన్, రోడ్ టాక్స్ కలిపి ఈయనకి 30,000 అయింది. బండి రోడ్డెక్కడానికి తప్పనిసరి ఖర్చు కాబట్టి దాన్ని ఖరీదులో కలిపాం. అంటే వ్యాన్ ఖాతాలో 6,30,000. ఇన్సూరెన్స్ ప్రీమియం జీఎస్టీ పోను 24,000, అది ఖరీదులో కలవదు. ఏడాదికి కట్టింది కాబట్టి మార్చి 31 దాకా ఆరు నెలలకి 12,000 ఈ ఏడాది ఖర్చు, మిగతా 12,000 ముందుగా చెల్లించిన ఖర్చుగా పక్కన ఉంటుంది. పూజ ఖర్చు బండి ఖాతాలోకి రాదు, ఆయన దాన్ని సొంత వాడకంలో రాయించారు.

అక్టోబరు 1న రాసిన మొదటి ఎంట్రీ ఇది:

వ్యాన్ ఖాతా డెబిట్ 6,00,000
జీఎస్టీ ఇన్‌పుట్ ఖాతా డెబిట్ 1,08,000
బ్యాంకు ఖాతా క్రెడిట్ 1,68,000
ఫైనాన్స్ కంపెనీ ఖాతా క్రెడిట్ 5,40,000

రిజిస్ట్రేషన్ 30,000కి వ్యాన్ డెబిట్, బ్యాంకు క్రెడిట్. ట్యాలీ వాడితే వ్యాన్‌ని `Fixed Assets` కింద, ఫైనాన్స్ కంపెనీని `Secured Loans` కింద తెరవండి. సరుకు ఇచ్చేవాళ్లు ఉండే `Sundry Creditors`లో వేస్తే, సరుకు బాకీలు ఐదు లక్షలు ఎక్కువ కనిపిస్తాయి.

వడ్డీని అనామతులో పెట్టడం

ఇక్కడ రెండు దారులు ఉన్నాయి. ఫైనాన్స్ కంపెనీ ఖాతాలో 5,40,000 మాత్రమే ఉంచి నెలనెలా వడ్డీ కలుపుకుంటూ పోవచ్చు. లేదా మూడేళ్ల వడ్డీని మొదటి రోజే ఒక అనామతు ఖాతాలో పెట్టి, నెలనెలా అందులోంచి ఖర్చుకి తీయవచ్చు. బి.కాం. పుస్తకాల్లో దీన్నే వడ్డీ సస్పెన్స్ పద్ధతి అంటారు. చిన్న దుకాణానికి నేను రెండోదే చెబుతాను. దాని లాభం కిందికి వెళ్లాక కనిపిస్తుంది.

అదే రోజు రెండో ఎంట్రీ:

వడ్డీ అనామతు ఖాతా డెబిట్ 1,29,600
ఫైనాన్స్ కంపెనీ ఖాతా క్రెడిట్ 1,29,600

ఇప్పుడు ఫైనాన్స్ కంపెనీ ఖాతాలో 6,69,600 ఉంది, అగ్రిమెంటులో ఉన్న అంకె అదే. వడ్డీ అనామతు ఖాతా ఖర్చు కాదు, ఇంకా కాలం గడవని వడ్డీ. అందుకే దాన్ని లాభనష్టాల్లోకి రానివ్వకండి. ఆస్తి అప్పుల పట్టీలో ఫైనాన్స్ కంపెనీ బాకీలోంచి తీసివేసి చూపించాలి.

అసలు రేటు కనుక్కోవడం

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

ఫైనాన్స్ కంపెనీ అబ్బాయి "8 శాతమే సార్" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. 5,40,000 మీద 8 శాతం అంటే ఏడాదికి 43,200, మూడేళ్లకి 1,29,600. లెక్క సరిగ్గా కుదిరింది. కానీ ఇది ఫ్లాట్ రేటు. మూడేళ్లూ మీ దగ్గర 5,40,000 అలాగే ఉందన్నట్టు వడ్డీ వేశారు. నిజానికి ప్రతి నెలా మీరు కొంత అసలు తీరుస్తున్నారు. ఏడాది తిరిగేసరికి మీ దగ్గర ఉన్నది అంతకన్నా చాలా తక్కువ. తగ్గుతూ పోయే బాకీ మీద చూస్తే రేటు 8 కాదు, దాదాపు రెట్టింపు.

ఎంతో తెలుసుకోవడానికి ఎక్సెల్‌లో ఒక్క సూత్రం చాలు:

```
=RATE(36,-18600,540000)
```

మొదటిది కిస్తీల సంఖ్య, రెండోది కిస్తీ, మూడోది మీరు నిజంగా తీసుకున్న అప్పు. కిస్తీ ముందు మైనస్ గుర్తు మరిచిపోతే తప్పు చూపిస్తుంది. జవాబు మామూలుగా 1% అని కనిపిస్తుంది, అది సర్దేసి చూపించిన అంకె. దశాంశాలు పెంచండి, 1.21234% అని వస్తుంది. ఇది నెలకి. 12తో గుణిస్తే ఏడాదికి 14.55 శాతం.

కొన్ని కంపెనీలు మొదటి కిస్తీని బండి ఇచ్చే రోజే అడ్వాన్స్‌గా పట్టుకుంటాయి. అప్పుడు సూత్రం చివర రెండు అంకెలు చేరతాయి: `=RATE(36,-18600,540000,0,1)`. మొదటి రోజే కట్టిన కిస్తీలో వడ్డీ ఉండదు, అదంతా అసలే. రేటు మాత్రం ఇంకా పైకి వెళుతుంది, ఎందుకంటే మీ చేతికి నిజంగా వచ్చింది 5,40,000 కన్నా ఒక కిస్తీ తక్కువ.

కిస్తీని రెండుగా కోయడం

రేటు దొరికాక మిగతాది గుణకారమే. నెల మొదట్లో ఉన్న బాకీని 1.21234 శాతంతో గుణిస్తే ఆ నెల వడ్డీ వస్తుంది. దాన్ని 18,600లోంచి తీసేస్తే మిగిలేది అసలు. ఆ అసలుని బాకీలోంచి తీసేస్తే తర్వాతి నెలకి బాకీ వస్తుంది. అక్టోబరు నెలకి చేసి చూద్దాం. 5,40,000 మీద వడ్డీ 6,547. నవంబరు 1న కట్టిన 18,600లో వడ్డీ పోను 12,053 అసలుకి పోయింది. మిగిలిన బాకీ 5,27,947. నవంబరు వడ్డీ ఈ కొత్త అంకె మీద.

ఎక్సెల్‌లో H1 గడిలో రేటు, E1లో 540000, B వరుసలో 18600 పెట్టి రెండో అడ్డువరుసలో ఇవి రాసి కిందికి లాగండి:

```
C2: =ROUND(E1*$H$1,0)
D2: =B2-C2
E2: =E1-D2
```

మార్చి 31 దాకా మనకి వచ్చిన పట్టిక ఇది:

| నెల | మొదట్లో బాకీ | ఆ నెల వడ్డీ | కిస్తీలో అసలు |
|---|---|---|---|
| అక్టోబరు | 5,40,000 | 6,547 | 12,053 |
| నవంబరు | 5,27,947 | 6,401 | 12,199 |
| డిసెంబరు | 5,15,748 | 6,253 | 12,347 |
| జనవరి | 5,03,401 | 6,103 | 12,497 |
| ఫిబ్రవరి | 4,90,904 | 5,951 | 12,649 |
| మార్చి | 4,78,255 | 5,798 | 12,802 |

కిస్తీ ఎప్పుడూ 18,600. లోపల వడ్డీ తగ్గుతుంటే అసలు పెరుగుతుంటుంది. చివరి కిస్తీలో వడ్డీ 223 రూపాయలే. 36 వరుసలూ లాగాక అడుగున బాకీ సున్నాకి రావాలి. రూపాయలకి సర్దడం వల్ల కొద్ది రూపాయలు మిగిలితే చివరి నెల వడ్డీలో సర్దేయండి. వడ్డీ వరుస మొత్తం సరిగ్గా 1,29,600 ఉండాలి. వందల్లో తేడా వస్తే రేటు దశాంశాలు కోసేసి ఉంటారు. H1లో 1.21 అని చేత్తో కొట్టకుండా పై సూత్రాన్నే పెట్టండి.

ఈ పట్టికని ప్రింటు తీసి అగ్రిమెంటుకి పిన్ను కొట్టి ఉంచండి. నెలనెలా ఎంట్రీ రాసే గుమాస్తాకి ఇంక ఏ లెక్కా అక్కర్లేదు, వరుస చూసి రాస్తాడు.

నెలనెలా రాసే రెండు ఎంట్రీలు

కిస్తీ కట్టిన రోజున:

ఫైనాన్స్ కంపెనీ ఖాతా డెబిట్ 18,600
బ్యాంకు ఖాతా క్రెడిట్ 18,600

నెల చివరి రోజున, పట్టికలో ఆ నెల వడ్డీకి:

వడ్డీ ఖర్చు ఖాతా డెబిట్ 6,547
వడ్డీ అనామతు ఖాతా క్రెడిట్ 6,547

వడ్డీని కిస్తీ కట్టిన రోజున కాకుండా నెలాఖరున రాయడానికి కారణం మార్చి నెల. అక్టోబరు నుంచి మార్చి దాకా బండి ఆరు నెలలు మన దగ్గర ఉంది. కానీ మార్చి 31కి కట్టిన కిస్తీలు ఐదే, ఆరోది ఏప్రిల్ 1న. వడ్డీని కిస్తీతో ముడిపెడితే మార్చి నెల 5,798 వచ్చే ఏడాదికి జారిపోతుంది. నెలాఖరు ఎంట్రీ రాస్తే ఆరు నెలల వడ్డీ 37,053 ఈ ఏడాదే ఖర్చులోకి వస్తుంది. కిస్తీ ఐదో తారీఖునో పదో తారీఖునో ఉంటే అప్పుడు కిస్తీ రోజు నుంచి మార్చి 31 దాకా ఉన్న రోజులకి దామాషాలో వడ్డీ తీసుకోవాలి.

చెక్ బౌన్స్ ఛార్జీలు, ఆలస్యం జరిమానాలు ఈ పట్టికలోకి రావు. అవి ఏ నెలవి ఆ నెల ఖర్చు, వేరే ఖాతా. వాటిని ఫైనాన్స్ కంపెనీ ఖాతాలో కలిపేస్తే చివర్లో బాకీ ఎందుకు సరిపడలేదో ఎవరికీ అర్థం కాదు.

మార్చి 31న సరి చూసుకోవడం

అనామతు పద్ధతి ఎందుకు పెట్టానో ఇప్పుడు చూడండి. ఆస్తి అప్పుల పట్టీ వేసే ముందు మూడు అంకెలు రాసుకోండి.

ఫైనాన్స్ కంపెనీ ఖాతాలో 6,69,600లోంచి ఐదు కిస్తీలు 93,000 పోను 5,76,600 ఉంది. ఇంకా కట్టాల్సిన కిస్తీలు 31, ఒక్కొక్కటి 18,600, గుణిస్తే 5,76,600. కంపెనీ పంపే స్టేట్‌మెంటులో మిగిలిన కిస్తీల మొత్తంతో ఇది పైసాతో సహా కలవాలి. కలవకపోతే ఏదో ఒక కిస్తీ రాయడం మరిచిపోయారు, లేదా రెండుసార్లు రాశారు.

వడ్డీ అనామతులో 1,29,600లోంచి 37,053 ఖర్చుకి పోగా 92,547 ఉంది. మొదటి అంకెలోంచి ఇది తీసేస్తే 4,84,053. మీ పట్టికలో మార్చి మొదటి బాకీ 4,78,255కి మార్చి వడ్డీ 5,798 కలిపితే అదే 4,84,053. రెండు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే చోట కలిశాయంటే మీ లెక్క నిలిచినట్టే. ఆస్తి అప్పుల పట్టీలో బాకీగా చూపించాల్సింది ఈ 4,84,053. ఇందులో అసలు 4,78,255ని కూడా రెండుగా చూపాలి. వచ్చే పన్నెండు నెలల్లో తీరే అసలు సుమారు 1,64,300, ఆ తర్వాతది సుమారు 3,13,950. బ్యాంకు వాళ్లు లిమిట్ లెక్క వేసేటప్పుడు మొదట వేలు పెట్టేది ఆ ఏడాదిలోపు బాకీ మీదే.

సమానంగా పంచితే ఏమవుతుంది

"1,29,600ని 36తో భాగించి నెలకి 3,600 రాసుకుంటే పోదా, ఎలాగూ మూడేళ్లకి మొత్తం అంతే కదా" అని మా వ్యాపారే అడిగారు. మంచి ప్రశ్న. మొత్తం అంతే, నిజమే. కానీ ఈ ఆరు నెలలకి 21,600 మాత్రమే ఖర్చు వస్తుంది, అసలైన వడ్డీ 37,053. అంటే 15,453 లాభం ఎక్కువ చూపించి దాని మీద పన్ను కట్టినట్టు.

ఇంకో దెబ్బ మధ్యలో బండి అప్పు తీర్చేద్దామనుకున్న రోజున తగులుతుంది. 2027 అక్టోబరు 1న 24వ కిస్తీ కట్టి, మిగతాది ఒకేసారి కట్టేద్దామని కంపెనీకి వెళ్లారనుకోండి. అప్పటికి మూడింట రెండు వంతులు కట్టేశాం, అసలు 1,80,000 మిగిలి ఉంటుందని సమాన పద్ధతిలో పుస్తకం చెబుతుంది. తగ్గే బాకీ లెక్కలో మిగిలిన అసలు సుమారు 2,06,560. కంపెనీ అడిగేది ఈ రెండో అంకె, పైగా ముందుగా తీర్చినందుకు అగ్రిమెంటులో రాసుకున్న ఛార్జీ. 26 వేలు ఎక్కువ అడుగుతున్నారని కౌంటర్ దగ్గర గొడవ పడేది ఇందుకే. మన పట్టిక చేతిలో ఉంటే ఎంతవరకు న్యాయం, ఎక్కణ్నుంచి అదనం అన్నది ఒక్క చూపులో తేలుతుంది. 18 కిస్తీలు, అంటే సరిగ్గా సగం కట్టాక కూడా అసలు ఇంకా సుమారు 2,99,000 ఉంటుంది, సగమైన 2,70,000 కాదు.

కంప్యూటర్ లేని దుకాణాల్లో పాతవాళ్లు వాడే పద్ధతి ఒకటి ఉంది. 1 నుంచి 36 దాకా అంకెలు కూడితే 666. మొదటి నెలకి 666లో 36 వంతులు, రెండో నెలకి 35 వంతులు, అలా చివరి నెలకి ఒక వంతు. ఈ పద్ధతిలో మొదటి ఆరు నెలలకి 201 వంతులు, అంటే 39,114. అసలైన 37,053కి రెండు వేలు ఎక్కువ, అయినా సమానంగా పంచడం కన్నా ఎంతో దగ్గర. చేత్తో వేసుకోవాలంటే ఇది వాడుకోండి, మధ్యలో పద్ధతి మార్చకండి.

తరుగుదల: మూడేళ్లు కాదు, బండి ఆయుష్షు

కిస్తీలు 36 నెలలు కాబట్టి బండిని కూడా మూడేళ్లలో తరిగించేస్తారు కొందరు. అప్పు తీరే కాలం వేరు, బండి పనిచేసే కాలం వేరు. చివరికి బండి మనదే కాబట్టి దాని ఆయుష్షు చూడాలి. కంపెనీల చట్టం ప్రకారం సొంత వాడకపు వాహనానికి 8 ఏళ్లు. మా ఊళ్లో బీచ్ రోడ్డు, హార్బర్ వైపు ఎక్కువ తిరిగే బండికి ఉప్పు గాలితో తుప్పు త్వరగా పడుతుంది. మీ బండి అన్నేళ్లు రాదని అనుభవంతో తెలిస్తే, తక్కువ ఏళ్లు వేసి కారణం రాసి ఉంచండి.

ఈయనది సొంత దుకాణం, కంపెనీ కాదు. కాబట్టి ఆదాయపు పన్ను రేటే వాడుకున్నాం. సొంత సరుకు చేరవేసే వ్యాన్‌కి 15 శాతం. బండిని కిరాయికి తిప్పే వ్యాపారమైతే 30. 6,30,000 మీద 15 శాతం అంటే 94,500. మొదటి ఏడాదిలో బండి వాడకం 180 రోజుల కన్నా తక్కువ ఉంటే సగమే, 47,250.

దసరా ముహూర్తం ఆయనకి బాగా కలిసొచ్చింది ఇక్కడే. అక్టోబరు 2 నుంచి మార్చి 31 దాకా 181 రోజులు. బండి మొదటి లోడు అక్టోబరు 4న వెళ్లి ఉంటే 179 అయ్యేది, సగం పోయేది. చూసేది కొన్న తారీఖు కాదు, పనిలో పెట్టిన తారీఖు. అందుకే ఆ గోపాలపట్నం ట్రిప్పు డెలివరీ చలానా, ఆ రోజు డీజిల్ బిల్లు నేను ఇన్‌వాయిస్‌తో పాటు ఫైల్లో పెట్టాను. మీరూ మొదటి ట్రిప్పు కాగితం పారేయకండి.

తరుగుదల ఎంట్రీకి ఫైనాన్స్ కంపెనీ ఖాతాతో సంబంధం లేదు. తరుగుదల ఖాతా డెబిట్, వ్యాన్ ఖాతా క్రెడిట్, అంతే. ఏడాది చివర వ్యాన్ 5,35,500. అంటే ఆయన మొదట ఖర్చు రాయమన్న ఐదు కిస్తీల 93,000కి బదులు పుస్తకాల్లో ఖర్చు వడ్డీ 37,053, తరుగుదల 94,500, కలిపి 1,31,553. కిస్తీ కట్టడం వల్ల ఖర్చు పుట్టదు. కాలం గడవడం వల్ల వడ్డీ, బండి అరగడం వల్ల తరుగుదల పుడతాయి. ఈ మాట అంకెలతో చూపించాక ఆయన ఇంకో మాట మాట్లాడకుండా రెండో వ్యాన్‌కి కొటేషన్ తీశారు.

చివరి కిస్తీ తర్వాత

2028 అక్టోబరు 1న 36వ కిస్తీ పడ్డాక రెండు ఖాతాలూ తెరిచి చూడండి. ఫైనాన్స్ కంపెనీ ఖాతా సున్నా, వడ్డీ అనామతు సున్నా ఉండాలి. అనామతులో ఏదైనా మిగిలితే ఏదో నెలాఖరు ఎంట్రీ తప్పిపోయింది, పట్టికతో పోల్చి వెతికి ఆ ఏడాది వడ్డీలో రాయండి. వ్యాన్ ఖాతాకి కొత్త ఎంట్రీ ఏమీ ఉండదు, అది మొదటి రోజు నుంచి మన పుస్తకాల్లోనే ఉంది.

పుస్తకాల పని అయిపోయినా ఆర్‌సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరు దానంతటది పోదు. కంపెనీ దగ్గర నో అబ్జెక్షన్ పత్రం, వాళ్ల సంతకంతో ఫారం 35 తీసుకుని రవాణా శాఖకి దరఖాస్తు పెట్టాలి. ఇన్సూరెన్స్ పాలసీలోనూ వాళ్ల పేరు తీయించాలి, లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ డబ్బు మీ దగ్గరికి రావడానికి ముందు వాళ్ల అనుమతి కోసం తిరగాల్సి వస్తుంది. పేరు పోయిన ఆర్‌సీ జిరాక్సు తీసి, మూడేళ్ల కిందట పిన్ను కొట్టిన పట్టిక వెనకే పెట్టండి.